లేఆఫ్ అయితే రెజ్యూమె తర్వాత, ముందు మెడిక్లెయిమ్ సంగతి చూడండి

"ఐటీ జాబ్ సడన్‌గా పోయింది. ఇంటి ఈఎంఐ ఉంది. మొదటి వారంలో ఏం చేయాలి?"

అందరూ రెజ్యూమె దిద్దుకోమంటారు. నేనైతే ఒప్పుకోను. గ్రూప్ మెడిక్లెయిమ్ ఏ తేదీ వరకు ఉంటుందో ముందు హెచ్ఆర్‌ని అడగండి. చాలా కంపెనీల్లో అది లాస్ట్ వర్కింగ్ డేతోనే ఆగిపోతుంది, ఎన్ని నెలల జీతం చేతిలో పెట్టినా సరే.

హైదరాబాద్‌లో నన్ను తీసేసిన రోజు హెచ్ఆర్ అమ్మాయి స్క్రీన్ చూసి చదువుతోంది. ఆమె థ్యాంక్స్ చెప్పేలోపే "మా అమ్మకి షుగరండీ, పాలసీ ఎప్పటిదాకా?" అని అడిగాను. తెల్లమొహం వేసింది. మెయిల్‌లో మళ్లీ మళ్లీ అడిగితే చివరికి తేదీ, ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ల నంబరు వచ్చాయి. గ్రూప్ నుంచి బయటికొచ్చేవాళ్లు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారొచ్చు, దాన్ని మైగ్రేషన్ అంటారు. అలా మారితే, పాత జబ్బులకి క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ పీరియడ్ లోంచి గ్రూప్‌లో ఉన్న కాలం తగ్గిస్తారు. కవర్ ఆగిపోయాక కొత్తగా కొంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అలాగని మైగ్రేషన్ ఖాయమేమీ కాదు, పాత రిపోర్టులు చూశాకే ఒప్పుకుంటారు. అందుకే కవర్ ఉండగానే అప్లై చేయాలి. కవర్ మొత్తం పెంచుకుంటే, ఆ పెంచిన భాగానికి వెయిటింగ్ మళ్లీ మొదలవుతుంది.

ఆ రాత్రే మావారూ నేనూ బాబు పాత నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క రాశాం. బ్యాంకులో 3,60,000. నెల ఖర్చు 90,000. సిప్‌లు ఆపి, బయటి తిళ్లు మానేసి, అమ్మ పాలసీ ప్రీమియం కొత్తగా కలిపితే 72,000కి వచ్చింది. అంటే అయిదు నెలలు. సెటిల్‌మెంట్ డబ్బు అందులో కలపలేదు. అది ఎప్పుడొస్తుందో, టీడీఎస్ పోగా ఎంతొస్తుందో అకౌంట్‌లో పడేదాకా తెలియదు. టర్మ్ పాలసీ మాత్రం ఆపొద్దు. నెలనెలా కట్టే ప్రీమియానికి గ్రేస్ 15 రోజులే.

జాబ్ వెతుకులాట కూడా ఆ పేజీలోనే తేదీలతో రాశాం. రెండో నెలాఖరు దాకా పాత జీతానికి తగ్గేది లేదు. మూడో నెలలో ఇరవై శాతం తక్కువైనా సరే. నాలుగో నెల నుంచి కాంట్రాక్టైనా ఓకే. టెన్షన్‌లో ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయాలన్నీ తిక్క నిర్ణయాలే, అందుకే బుర్ర సరిగ్గా ఉన్నప్పుడే రాసేయాలి. మూడో నెలలో తక్కువ జీతానికి ఆఫర్ వచ్చింది. పేజీ చూసి ఒప్పుకున్నాం, ఇంట్లో చర్చే లేదు.

చర్చంతా చుట్టాలదే. "ఇంకా ఖాళీయేనా?" అని ఫోన్ చేసే బాబాయిలు ఒక్క రెఫరల్ ఇప్పించరు. ఇక "బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం, ముందు అడ్వాన్స్ కట్టండి" అనే కన్సల్టెన్సీలైతే లేఆఫ్ వార్త మనకంటే ముందే తెలిసినట్టు ఫోన్లు చేస్తాయి. వాళ్ల నంబర్లు వెంటనే బ్లాక్ చేయండి.