చలానాలో 400 బస్తాలు, గోడౌన్‌లో 396: తేడాను కాగితం మీద ఎలా పెట్టాలి?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట దగ్గర రొయ్యల మేత డిపో. పోయిన వారం 400 బస్తాల లోడు వచ్చింది. వాన పడుతుంటే డ్రైవరు తొందరపెట్టాడు, చలానా మీద సంతకం పెట్టి పంపించేశాం. తర్వాత లెక్కేస్తే 396 ఉన్నాయి, కొన్ని తడిశాయి కూడా. కంపెనీ వాళ్ళు "సంతకం ఉంది కదా" అంటున్నారు. సరుకు దించుకునేటప్పుడు చెక్‌లిస్టులో ఏమేం ఉండాలి? తక్కువ వచ్చినవి, తడిసినవి ఎలా రాయాలి?

జవాబు:

ముందు ఒక సంగతి చూసుకోండి. "నాలుగు తక్కువ" అనేది మొత్తం మీద వచ్చిన లెక్క. రకం వారీగా లెక్కేశారా? మేత లోడులో గుళిక సైజును బట్టి 1, 2, 3 నంబర్లు కలిసి వస్తాయి. తరచుగా బస్తాలన్నీ ఒకే రంగులో ఉంటాయి, నంబరు మాత్రం చిన్నగా ఉంటుంది. ఎక్కించే చోట ఒక నంబరు బదులు ఇంకో నంబరు పడటం చాలా మామూలు. అందుకని మొత్తం సరిపోయినా లోడు సరిపోయినట్టు కాదు. మొత్తంలో తేడా వచ్చినా అసలు తేడా అంతే అని కూడా కాదు.

మీ లోడునే తీసుకుని అంకెలు నేను వేస్తాను. చలానాలో 1వ నంబరు 40, 2వ నంబరు 160, 3వ నంబరు 200 అనుకోండి. దిగినవి 40, 154, 202 అయితే మొత్తం 396. పైకి కనిపించేది నాలుగు తక్కువ. నిజానికి 2వ నంబరు ఆరు తక్కువ, 3వ నంబరు రెండు ఎక్కువ. మీరు "4 తక్కువ" అని రాసి పంపితే రెండు రకాలుగా నష్టపోతారు. ఆరు బస్తాలు రావాల్సిన చోట నాలుగే అడిగినట్టవుతుంది. నెలాఖరున స్టాకు చూసుకుంటే రెండు నంబర్లలోనూ పుస్తకానికీ గోడౌన్‌కూ పొంతన కుదరదు. ఎక్కువ వచ్చిన రెండూ మీరే ముందు చెప్పాలి. కంపెనీ తన స్టాకు చూసుకున్నప్పుడు 3వ నంబరులో రెండు తగ్గినట్టు అక్కడ కనిపిస్తుంది. దాంతో మీరు ఆరు అని చెప్పిన లెక్కకు బలం వస్తుంది.

కాబట్టి చెక్‌లిస్టులో ఒక్కో నంబరుకు ఒక్కో అడ్డవరస పెట్టండి. ఒకే నంబరులో రెండు బ్యాచ్‌లు వస్తే రెండు వరసలు. గడులు ఇవి: బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, చలానాలో ఉన్న బస్తాల సంఖ్య, మంచివి, తడిసినవి, చినిగినవి, తక్కువ, ఎక్కువ. తడిసినవాటిని "తక్కువ" గడిలో వేయడం చాలామంది చేసే తప్పు. తడిసిన బస్తా మీకు చేరిన బస్తానే. దాన్ని ఏం చేయాలో, ఎవరు భరించాలో వేరే లెక్క. రెండూ కలిపేస్తే తర్వాత కంపెనీ మనిషి వచ్చి గోడౌన్‌లో తడిసిన బస్తాలు చూసి, "ఇవిగో ఉన్నాయి కదా, తక్కువ ఎక్కడ?" అంటాడు. దానికి జవాబుండదు.

ప్రతి వరసకూ ఈ లెక్క కుదరాలి: మంచివి, తడిసినవి, చినిగినవి, తక్కువ, ఈ నాలుగూ కూడి ఎక్కువ వచ్చినవి తీసేస్తే చలానాలో ఉన్న బస్తాల సంఖ్య రావాలి. మన ఉదాహరణలో 2వ నంబరులో మంచివి 148, తడిసినవి 5, చినిగినది 1, తక్కువ 6. కూడితే 160. 3వ నంబరులో మంచివి 199, తడిసినవి 3, ఎక్కువ 2. 199కి 3 కలిపి, 2 తీస్తే 200. కుదరని వరస ఉంటే మళ్ళీ లెక్కేయండి, లారీ ఉండగానే. లారీ వెళ్ళాక చేసే రెండో లెక్క మీ పుస్తకానికి పనికొస్తుందేమో గానీ అవతలివాళ్ళు దాన్ని ఒప్పుకోరు.

లెక్క ఎలా వేయాలన్నది ఇక చూద్దాం. ఒక మనిషి లారీ దగ్గర, ఇంకో మనిషి దొంతర దగ్గర నిలబడాలి. లారీ దగ్గర మనిషి బస్తా హమాలీ భుజానికెక్కగానే నంబరు చూసి గీత గీస్తాడు, ఐదో గీత అడ్డంగా. దొంతర దగ్గర మనిషి గీతలు గీయడు, దొంతర ఆకారాన్ని చూస్తాడు. వరసకు ఐదు, ఎత్తు ఎనిమిది అని ముందే కట్టుబడితే దొంతరకు 40. అప్పుడు 2వ నంబరు మంచివి మూడు నిండు దొంతరలు, నాలుగోదానిలో 28 అని కంటితోనే తెలిసిపోతుంది. ఒక్కో దొంతరలో ఒకే నంబరు ఉండాలి, ఒక్కో దొంతర నిండగానే ఇద్దరూ అంకెలు సరిచూసుకోవాలి. నలభై బస్తాల్లో తేడా వెతకడం రెండు నిమిషాల పని, నాలుగు వందలు దిగాక వెతకడం గంట పని. హమాలీ మేస్త్రీ దగ్గర కూలి కోసం వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది. దాన్ని మూడో లెక్కగా అడిగి చెక్‌లిస్టు కింద రాసుకోండి.

కాటా చీటీ ఉంటే చాలదా అని కొందరు అడుగుతారు. నిండు లారీ తూకంలోంచి ఖాళీ లారీ తూకం తీసేస్తే బస్తాకు 25 కిలోల చొప్పున 400 బస్తాలకు 10,000 కిలోలు, ఖాళీ సంచుల బరువు మరికొంత రావాలి. నాలుగు బస్తాలు పోతే వంద కిలోల తేడా కనిపిస్తుంది. కానీ డ్రైవరు క్యాబిన్‌లో ఉన్నాడా దిగాడా, మధ్యలో డీజిల్ పోశారా, పట్ట తడిసి బరువెక్కిందా అన్నవాటికే అంకె చాలా మారుతుంది. పైగా 2కి బదులు 3 వస్తే కాటాకు తెలియదు. అందుకని కాటా చీటీ జత చేయండి, లెక్కకు బదులుగా మాత్రం వాడకండి.

తడి విషయంలో తూకం ఇంకా మోసం చేస్తుంది. తడిసిన బస్తా నీళ్ళు పీల్చి 25 కిలోలు దాటి కూడా తూగవచ్చు. చినిగిన బస్తాను మాత్రం తప్పకుండా తూచాలి. 19.4 కిలోలు వస్తే 5.6 కిలోల తరుగు అని రాయండి, "ఒక బస్తా పోయింది" అని కాదు. తడిని చేత్తో చూడాలి. బస్తా నాలుగు మూలలూ, కింది కుట్టూ నొక్కండి. పొడి మేత వేళ్ళ కింద గలగలా కదులుతుంది. తడిసిన చోట ముద్దగా, గట్టిగా తగులుతుంది. పైన తుడిస్తే పోయే చెమ్మకూ లోపలికి దిగిన తడికీ తేడా అక్కడే తెలుస్తుంది. పైచెమ్మ మాత్రమే ఉన్నవాటిని "పైతడి, గుళిక పొడిగా ఉంది" అని వేరుగా రాసి, మంచివాటిలోనే వేసి గాలికి ఆరబెట్టండి. అన్నిటినీ తడిసినవి అని రాస్తే మిగతా రిమార్కులను కూడా ఎవరూ నమ్మరు.

తడి ఎక్కడ తగిలిందో కూడా రాయాలి, ఎందుకంటే ఎవరు భరించాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. పైవరస బస్తాలు తడిస్తే పట్ట చినిగింది లేదా కప్పడంలో లోపం. కిందివరస తడిస్తే లారీ పలకల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి, ఎక్కించేటప్పుడే తడిసి ఉండొచ్చు. మచ్చ అంచు ఎండి పసుపు గీతలా ఉంటే అది పాత తడి, మీ గుమ్మంలో పడిన వానది కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానల్లో దించేటప్పుడు ఇది ముఖ్యం, "మీరు దించుతుంటేనే తడిశాయి" అనే మాట తప్పకుండా వస్తుంది. అందుకే పట్ట విప్పక ముందు ఒక ఫొటో, విప్పగానే పైవరస ఫొటో, చివర్లో ఖాళీ పలకల ఫొటో తీయండి. మూడింట్లో ఒకదానిలోనైనా లారీ నంబరు పడాలి. తడిసిన బస్తాల ఫొటోల్లో బ్యాచ్ నంబరు చదవగలిగేలా ఉండాలి.

ఇక సంతకం. మీ దగ్గరుండే కాపీ మీద ఎంత రాసుకున్నా ఉపయోగం తక్కువ. డ్రైవరు వెనక్కి తీసుకెళ్ళే కాపీ మీదే, సంతకానికి పైన రాయాలి. "సరుకు చూడలేదు" అనో "లెక్క తర్వాత" అనో రాస్తే దానివల్ల ఏదీ రుజువు కాదు. ఇలా రాయండి:

"2వ నంబరు: 160కి 154 దిగినవి, 6 తక్కువ. దిగిన 154లో 5 తడిసినవి (పైవరస, పట్ట చినిగింది), 1 చినిగినది, తూకం 19.4 కిలోలు. 3వ నంబరు: 200కి 202 దిగినవి, 2 ఎక్కువ. దిగిన 202లో 3 తడిసినవి (పైవరస). 1వ నంబరు: 40 సరి."

కింద తేదీ, దించడం మొదలైన సమయం, ముగిసిన సమయం, మీ సంతకం, డ్రైవరు సంతకం. అంకెలు అక్షరాల్లో కూడా రాస్తే తర్వాత దిద్దడానికి వీలుండదు. డ్రైవరు సంతకం పెట్టనంటే గొడవపడొద్దు. "డ్రైవరు సంతకానికి ఒప్పుకోలేదు" అని రాసి, ఆ కాగితం ఫొటో అతని ముందే కంపెనీ డెస్పాచ్ వాళ్ళకు వాట్సాప్‌లో పంపండి. పంపిన సమయం అందులోనే పడుతుంది.

మీరు సంతకం పెట్టేసిన లోడు సంగతి. ఆ బస్తాలు ఇంకా అమ్మకపోతే కదిలించకండి. రకం వారీగా మళ్ళీ లెక్కేసి, పై గడులతోనే చెక్‌లిస్టు నింపి, మీరు లెక్కేసిన అసలు తేదీ దాచకుండా వేసి, కంపెనీకి మెయిల్లో పంపండి. వాళ్ళ దగ్గర లోడింగ్ టాలీ షీటు ఉంటుంది, నంబర్ల వారీగా దాని కాపీ అడగండి. 3వ నంబరు ఎక్కువ వచ్చి ఉంటే మీకు అదే మంచి ఆధారం. లారీ మీరు మాట్లాడుకున్న ట్రాన్స్‌పోర్టుదైతే నష్టానికి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం ఆ గడువు సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజులు, మీకు చేరిన రోజు నుంచి కాదు. బుక్ చేసిన తేదీ ట్రాన్స్‌పోర్టు వాళ్ళిచ్చే లారీ రసీదు, అంటే ఎల్ఆర్ కాపీ మీద ఉంటుంది. లారీ కంపెనీ పెట్టినదైతే మీ మాటంతా కంపెనీతోనే.

తడిసిన బస్తాలను మంచివాటికి దూరంగా, చెక్క ప్యాలెట్ల మీద విడిగా పెట్టి చీటీ కట్టండి. ఒకటి రెండు రోజుల్లో వాటిలో బూజు వాసన మొదలవుతుంది, బూజు పట్టిన మేత గుంటలో వేస్తే రొయ్యకు హాని. కంపెనీ మనిషి వచ్చి చూసేదాకా పారేయొద్దు, తగ్గించి అమ్మనూ వద్దు. మొదటి రోజు పొడిగా ఉందనుకున్న బస్తాలో తర్వాత ముద్ద కనిపిస్తే పాత చెక్‌లిస్టును దిద్దకండి. అదే చలానా నంబరుతో రెండో కాగితం రాసి, కనిపించిన తేదీ వేసి, అదే మెయిల్‌కు జవాబుగా పంపండి.