నవరత్నాల ఉంగరాన్ని అల్ట్రాసోనిక్ మిషన్‌లో వేయించొచ్చా?

ప్రశ్న: అమ్మ నవరత్నాల ఉంగరం మసకబారింది. విజయనగరంలో షాపువాళ్లు అల్ట్రాసోనిక్ మిషన్‌లో కడిగిస్తామన్నారు. వజ్రం, కెంపు, పచ్చ గట్టి రాళ్లే కదా, వేయించనా?

సమాధానం: వద్దండీ. ఆ ఉంగరంలో ముత్యం, పగడం కూడా ఉంటాయి. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద ముత్యం గట్టిదనం 2.5, పగడం 3.5 దరిదాపు. మిషన్ ప్రకంపనలకు, అందులోని ద్రావణానికి రెండింటి మెరుపూ పోతుంది.

పచ్చ సంగతి వేరు. గట్టిదనం 7.5 పైనే, కానీ అది గీత పడకుండా కాపాడుతుందంతే, పగలకుండా కాదు. పచ్చల్లో సహజంగానే పగుళ్లుంటాయి, అవి కనబడకుండా చాలావాటికి నూనె పట్టిస్తారు. మిషన్‌లో ఆ నూనె బయటికొచ్చేస్తే పగుళ్లు తెల్లటి గీతల్లా తేలతాయి, ఒక్కోసారి రాయే చీలుతుంది. వజ్రం, కెంపు మామూలుగా తట్టుకుంటాయి గానీ, కెంపు పగుళ్లలో గాజు నింపి ఉంటే దాన్నీ వేయకూడదు.

ఇంట్లోనే చేసుకోండి. గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు బేబీ షాంపూ కలిపి, మెత్తని బ్రష్‌ను తడిపి విదిలించి, ఉంగరం వెనకవైపు, రాళ్ల అంచుల్లో మెల్లగా రుద్దండి. జిడ్డు పేరుకునేది అక్కడే. ఉంగరాన్ని నానబెట్టొద్దు. ముత్యం, పగడం మీద బ్రష్ పెట్టకుండా తడిగుడ్డతో తుడవండి. చింతపండు, నిమ్మకాయ అసలే వద్దు, పులుపుకి ఆ రెండూ కరుగుతాయి. పొడిగుడ్డతో దుమ్ము తుడిచినా గీతలే. దుమ్ములోని ఇసుక రేణువు గట్టిదనం 7. కళింగపట్నం బీచ్‌కైతే ఉంగరం తీసేసి వెళ్లండి.

తుడిచాక గోరుతో ఒక్కో రాయినీ కదిపి చూడండి. కదిలితే ముందు కంసాలి దగ్గర బిగించాలి.