టెక్ సందేహాలు: వానాకాలానికి తట్టుకునే పేక ఏది?

ప్రశ్న: సార్, మాది బరంపురం. ఆదివారాలు ఇంట్లో ఆరుగురం కూర్చుని డబ్బులు లేకుండా పదమూడు ముక్కల రమ్మీ ఆడుకుంటాం. జూలై వచ్చిందంటే ముక్కలు ఉబ్బి, వంగిపోయి, కలపడానికే రావు. కొత్తవి కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే బ్రిడ్జ్ సైజు, పోకర్ సైజు, ప్లాస్టిక్ కోటెడ్ అని రకరకాలుగా ఉన్నాయి. మా నాన్నగారికి చిన్న అంకెలు ఆనవు. ఏవి కొనాలి? ఎలా దాచుకోవాలి?

జవాబు: పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసిన, బ్రిడ్జ్ సైజు కట్టలు రెండు కొనండి. రెండింటికీ వెనక ఒకే రంగు, ఒకే డిజైను ఉండాలి. రెండూ ఒకేసారి తీసుకోండి. ఇప్పుడొకటి, ఏడాది తర్వాత ఒకటి కొంటే అరుగుదలలో తేడా వల్ల ఏ ముక్క ఏ కట్టలోదో చేతికే తెలిసిపోతుంది.

ముందు సైజు సంగతి. రెండు రకాల ముక్కలూ పొడవులో దాదాపు సమానమే, మూడున్నర అంగుళాలు. తేడా అంతా వెడల్పులోనే ఉంది. బ్రిడ్జ్ ముక్క 57 మిల్లీమీటర్లు, పోకర్ ముక్క సుమారు 63. బ్రిడ్జ్ ఆటలో ఒక్కొక్కరి చేతిలో పదమూడు ముక్కలుంటాయి కాబట్టి సన్నటివి అనుకూలం. పోకర్‌లో చేతిలో ఉండేవి కొన్నే, అందుకని వెడల్పువి నడుస్తాయి. మీ రమ్మీ లెక్క బ్రిడ్జ్ లెక్కే.

అయితే చాలామంది ఇక్కడొక విషయం గమనించరు. చేతిలో ముక్కలు పరిచి పట్టుకున్నప్పుడు పై ముక్క మాత్రమే పూర్తిగా కనిపిస్తుంది. మిగతా పన్నెండూ మూలన ఉన్న అంకె, గుర్తు కనబడేంత మేరే బయటికి వస్తాయి. మామూలు అంకెలకు ఒక్కో ముక్క సుమారు సెంటీమీటరు కనబడితే చాలనుకుందాం. అప్పుడు బ్రిడ్జ్ సైజులో మొత్తం వెడల్పు 57కు 120 కలిపితే 177 మిల్లీమీటర్లు. పోకర్ సైజులో 183. తేడా ఆరు మిల్లీమీటర్లే. అదే జంబో అంకెలున్న కట్టయితే ఒక్కో ముక్క సెంటీమీటరున్నర బయటికి రావాలి. అప్పుడు బ్రిడ్జ్ సైజులోనే 237 అవుతుంది. అంటే చేతికి బరువయ్యేది ముక్క వెడల్పు కంటే అంకె సైజే. ముక్క సన్నగా ఉంటే కలిగే అసలు లాభం అరచేతిలో పట్టు కుదరడం, కలిపేటప్పుడు వేళ్లకు అందడం.

మీ నాన్నగారి కోసం జంబో అంకెలే తీసుకోండి. చూపు ఆనకుండా ఆడడం కంటే ముక్కలు కాస్త ఎక్కువ పరచడం నయం. సీక్వెన్స్ పూర్తయిన ముక్కల్ని ఒకదాని వెనక ఒకటి మూసేసి, ఇంకా కుదరని ముక్కల్నే పరిచి పట్టుకోమనండి. నాలుగు ముక్కల సీక్వెన్స్ మూసేస్తే పై లెక్కలో నాలుగున్నర సెంటీమీటర్లు తగ్గుతుంది.

ఇక మీరు పొరపడే చోటు ‘ప్లాస్టిక్ కోటెడ్’ అన్న మాట దగ్గర ఉంది. అది ప్లాస్టిక్ ముక్క కాదు. కాగితం ముక్కే, పైన పల్చటి పూత ఉంటుంది. మంచి కాగితం ముక్కలో రెండు పొరల కాగితం ఉంటుంది. వాటి మధ్య ముదురు రంగు జిగురు వేస్తారు, వెలుతురులో ఎదుటివాళ్లకు గుర్తు కనపడకుండా ఉండడానికి. పూత ముందూ వెనకా మాత్రమే ఉంటుంది. కోసిన అంచులకు ఉండదు. సముద్రపు గాలిలోని తేమ ఆ అంచుల్లోంచే లోపలికి వెళ్తుంది. కాగితం పీచు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఒక వైపు ఎక్కువగా ఉబ్బితే ముక్క రెండో వైపుకి వంగుతుంది. మీకు జూలైలో జరుగుతున్నది ఇదే. కట్టలో పైనా కిందా ఉన్న ముక్కలు ముందు వంగుతాయి, ఆ తర్వాత కట్ట దాని పెట్టెలోనే దిగదు.

కొన్న తర్వాత ఏది వచ్చిందో తేల్చుకోవడం తేలికే. కట్టతో పాటు వచ్చే ఖాళీ ముక్కో, ప్రకటన ముక్కో ఒకటి తీసుకుని కోసిన అంచును పట్టి చూడండి. మధ్యలో సన్నటి నల్లగీత కనిపిస్తే అది కాగితం. గీత లేకపోతే అంచు మీద నీటి చుక్క వేసి పావుగంట ఆగండి. కాగితమైతే అంచు ఉబ్బి పొరలు విడతాయి. ప్లాస్టిక్ అయితే తుడిస్తే పోతుంది.

ప్లాస్టిక్ ముక్కల్లో ఎక్కువ పీవీసీవే ఉంటాయి. కెమ్ లాంటి కొన్ని కంపెనీలు సెల్యులోజ్ ఎసిటేట్ వాడతాయి. అది చేతికి కాస్త కాగితంలా తగులుతుంది, ధర ఎక్కువ. మీ ఇంటి ఆటకు పీవీసీ చాలు. కొత్తలో జారుడు ఎక్కువ కాబట్టి నున్నటి నేల మీద కాకుండా దుప్పటి పరుచుకుని ఆడండి.

వీటిని శుభ్రం చేసేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, గుడ్డ తడిపి, గట్టిగా పిండి ఒక్కో ముక్కా తుడవండి. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, తువ్వాలు మీద విడివిడిగా ఆరబెట్టండి. తడిగానే పేరిస్తే అతుక్కుపోతాయి. శానిటైజరు, స్పిరిటు, గోళ్ల రంగు తీసే ద్రవం తగలనివ్వకండి, అచ్చు చెరిగిపోతుంది. పాత కాగితం కట్టను పొడిగుడ్డతో మాత్రమే తుడవండి. మీ ఇంట్లో పెద్దలనాటి గంజపా ముక్కలుంటే వాటికీ తడి వద్దు. గుడ్డ పొరలకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి చేస్తారు, నీళ్లు తగిలితే పాడవుతాయి.

దాచేటప్పుడు కట్టను సరిచేసి, గట్టి పెట్టెలో కదలకుండా పడుకోబెట్టండి. రబ్బరుబ్యాండు వేయకండి. అది బిగుసుకున్న చోట అంచు నొక్కుకుపోతుంది, ప్లాస్టిక్ ముక్క ఆ వంపునే నిలుపుకుంటుంది. కాగితం కట్టయితే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి. రంగు మారే గింజలున్న పొట్లం కొంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. బీరువాలో కలరా ఉండలున్న అరలో మాత్రం పెట్టకండి, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

ప్రశ్న: మేం రాయగడలో ఉంటాం. ప్లాస్టిక్ పేక కట్ట ఎండలో నిలిపిన కారులో ఉండిపోయి వంగిపోయింది. ఇస్త్రీ చేస్తే సరవుతుందా?

జవాబు: ఇస్త్రీ వద్దు. పీవీసీ డెబ్బై, ఎనభై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అద్దాలు మూసిన కారు డ్యాష్‌బోర్డు మే నెలలో ఆ వేడికి దగ్గరగా వెళ్తుంది. ఇస్త్రీపెట్టె దానికి మించిన వేడి, ముక్క ముడుచుకుపోతుంది. కట్ట మొత్తం ఒకే వైపుకి వంగి ఉంటే, సగం ముక్కల్ని తిరగేసి, వంపులు ఎదురెదురుగా వచ్చేలా పేర్చండి. పైన చదునైన చెక్క, దాని మీద బరువైన పుస్తకాలు పెట్టి వారం రోజులు నీడలో ఉంచండి. చాలావరకు సరవుతుంది. తర్వాత ఒక్కో ముక్కనూ అద్దం మీద పెట్టి చూడండి. నాలుగు మూలలూ అద్దానికి ఆనితే ఆడొచ్చు. అంచు అలలు అలలుగా లేచి ఉంటే ఆ ముక్క ఇక చదును కాదు. అలాంటి ముక్క ఒక్కటున్నా వెనక నుంచి చూసి గుర్తుపట్టేస్తారు, ఆ కట్టను పిల్లలకు ఇచ్చేయండి.