మెయిన్ రోడ్డు షాపా, లోపలి లైను షాపా: లీజు రాసుకునే ముందు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మ్యాచింగ్ సెంటర్ పెట్టాలనుకుంటున్నాను. మెయిన్ రోడ్డు మీద షాపుకు అద్దె 42,000, అడ్వాన్సు పది నెలలది. లోపలి లైనులో షాపుకు 24,000, అడ్వాన్సు ఐదు నెలలది. మెయిన్ రోడ్డు యజమాని 11 నెలల అగ్రిమెంటు చాలంటూనే, మూడేళ్లు ఖాళీ చేయకూడదని అందులో రాయమంటున్నారు. రెండు రోజుల్లో టోకెన్ ఇవ్వాలట. దేనికి ఒప్పుకోమంటారు?

జవాబు: టోకెన్ ఇవ్వడానికి ఒక వారం గడువు అడగండి. ఆ వారంలో ఒక మామూలు రోజు, ఒక ఆదివారం సాయంత్రం నాలుగు గంటల చొప్పున రెండు చోట్లా నిలబడి చూడండి. రోడ్డు మీద నడిచిపోయేవారిని లెక్కించడం వల్ల పెద్దగా తెలిసేదేమీ లేదు. బస్సు కోసం వెళ్లేవారు జాకెట్టు గుడ్డ కొనరు. షాపుకు అటూ ఇటూ ఉన్న బట్టల, ఫ్యాన్సీ దుకాణాల మెట్లు గంటకు ఎంతమంది ఎక్కుతున్నారో, వారిలో ఎంతమంది సంచితో దిగుతున్నారో రాసుకోండి.

ఆ లెక్కను అద్దెతో ఇలా పోల్చాలి. రెండు షాపుల అద్దెల తేడా నెలకు 18,000. సగటు బేరం 400 రూపాయలై, అందులో మీకు నూరు రూపాయలు మిగులుతుందనుకుంటే, ఆ తేడా పూడడానికే నెలకు 180 బేరాలు, అంటే 26 పని దినాల్లో రోజుకు ఏడు, అదనంగా జరగాలి. మెయిన్ రోడ్డులో గంటకు పన్నెండుమంది, లోపలి లైనులో తొమ్మిదిమంది మెట్లెక్కి, వారిలో సగం మంది కొన్నారనుకోండి; నాలుగు గంటల సాయంత్రానికి అదనంగా వచ్చేది ఆరు బేరాలే. అప్పుడు ఎక్కువ అద్దె తన ఖర్చు తానే రాబట్టుకోలేదు. అడ్వాన్సు రూపంలో అదనంగా ఇరుక్కునే మూడు లక్షలను ఇందులో ఇంకా కలపనేలేదు. మీ బేరం సగటు, మిగులు శాతం మీకే తెలుసు కనుక ఈ అంకెల స్థానంలో వాటిని వేసుకోండి.

వాహనం ఆపే చోటు కూడా ఈ లెక్కలోనిదే, ఎందుకంటే చీర వెంట తెచ్చుకుని రంగు కలిపి చూసుకునే కొనుగోలుదారుకు అరగంటైనా పడుతుంది. సెల్లార్ పార్కింగుకేనని యజమాని చెబితే, నగరపాలక సంస్థ మంజూరు చేసిన ప్లానులో అది అలాగే ఉందో లేదో చూపించమనండి. షాపు ముందు స్థలం రోడ్డు హద్దులోనిదైతే దాన్ని మీకు ఇచ్చే హక్కు యజమానికి లేదు. కార్పొరేషన్ ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చు. యజమాని సొంత స్థలమైతే, ఎన్ని వాహనాలకో, ఏ కొలతలతోనో లీజు షెడ్యూలులో రాయించి, గీసిన పటం జతచేయించండి. నోటి మాట మీద ఆధారపడిన పార్కింగుకు రేపు గ్రిల్ బిగిస్తే, మీ చేతిలో చూపించడానికి కాగితం ఉండదు.

పోటీ విషయంలో చట్టం మీకు తనంతట తానుగా రక్షణ ఇవ్వదు. వీధిలో మరో రెండు మ్యాచింగ్ సెంటర్లు ఉండటం కీడు కాకపోవచ్చు. వాటి కోసం వచ్చేవారే మీ దగ్గరకూ వస్తారు. అయితే అదే భవనంలో యజమానికి ఇంకో షట్టర్ ఉంటే, ఆయన దాన్ని ఇదే వ్యాపారానికి ఇవ్వకుండా ఆపే శక్తి ఒప్పందంలో రాసుకున్న షరతుకే ఉంటుంది. ఆ షరతు తప్పనిసరిగా అడగండి.

ఇక 11 నెలల కాగితం. ఏడాది లోపు లీజుకు రిజిస్ట్రేషన్ అక్కరలేదన్న నమ్మకం మన రాష్ట్రంలో చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణ వల్ల, కాలపరిమితి ఎంతైనా స్థిరాస్తి లీజు పత్రాన్ని రిజిస్టర్ చేయించాల్సిందే. చేయించకపోతే, రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం అందులోని షరతులను అమలు చేయమని మీరు కోర్టును అడగలేరు. అప్పుడు మీ అద్దెదారు హక్కు, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద, 15 రోజుల నోటీసుతో ముగిసే నెలసరి అద్దెకు దిగజారుతుంది. ర్యాకులకు, అద్దాలకు, లైట్లకు లక్షలు పెట్టిన తర్వాత ఆ నోటీసు అందుకున్నవారిని చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మూడేళ్లు కావాలంటే మూడేళ్ల లీజే రాసి రిజిస్టర్ చేయించండి. ఖాళీ చేయించకూడదన్న నిబంధన మూడేళ్లూ యజమానికి వర్తించాలి. మీరు మాత్రం మొదటి ఆరు నెలల తర్వాత రెండు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చని ఉండాలి. ఆయన దీనికి ఒప్పుకోకపోతే, మీ లెక్క కొంచెం అటూ ఇటూగా ఉన్నప్పుడు లోపలి లైను షాపునే తీసుకోమంటాను. ఏడాదికి అద్దె ఎంత శాతం పెరుగుతుందో, ఖాళీ చేశాక అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో కూడా అందులోనే ఉండాలి.

వారం గడువు దొరక్క టోకెన్ ఇవ్వక తప్పకపోతే, చిన్న మొత్తాన్ని బ్యాంకు ద్వారా పంపి, రసీదులో ఈ వాక్యం రాయించండి: "మంజూరైన ప్లాను చూపించి, పైన అనుకున్న షరతులతో లీజు రిజిస్టర్ చేయని పక్షంలో ఈ మొత్తం పూర్తిగా తిరిగి చెల్లించబడును."