కరెంటు బిల్లు ఫొటో రాలేదండీ, అంకెలు టైపు చేసి పంపండి

ప్రశ్న: సార్, మాది గోపాలపట్నం. ఎప్పుడూ పదకొండు, పన్నెండు వందలు వచ్చే కరెంటు బిల్లు ఈసారి మూడు వేలు దాటింది. ఇంట్లో ఏసీ ఒక్కటే. బిల్లు ఫొటో జత చేశాను. ఇంత ఎందుకొచ్చింది? వచ్చే నెల ఎంత పక్కన పెట్టుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం వచ్చింది కానీ ఫొటో రాలేదండీ. మళ్లీ పంపకండి. చేతి మిషన్ నుంచి వచ్చే ఆ సన్న కాగితం మీద అక్షరాలు నాలుగు రోజులు ఎండ తగిలితే చాలు, వెలిసిపోతాయి. ఫొటోలో 3 ఏదో 8 ఏదో తెలియదు. పైగా దాని మీద మీ పేరు, సర్వీసు నంబరు కూడా ఉంటాయి. అవి నాకు అక్కర్లేదు. అంకెలు టైపు చేసి పంపితే చాలు. కాగితం ఇప్పటికే వెలిసిపోయి ఉంటే ఈపీడీసీఎల్ వెబ్‌సైటులో మీ సర్వీసు నంబరు కొట్టి చూడండి, పాత నెలల బిల్లులు కూడా కనిపిస్తాయి.

ముందుగా కావలసింది రీడింగులు. పాత రీడింగు, అది తీసిన తేదీ. కొత్త రీడింగు, దాని తేదీ. వాటి పక్కన స్టేటస్ అని చిన్న అంకె ఒకటి ఉంటుంది, దాన్ని వదలకండి. తర్వాత యూనిట్లు, ఆపైన మీ లోడు ఎన్ని కిలోవాట్లో. ఆ తర్వాత డబ్బు వరసలు. ఎనర్జీ చార్జీ మొదలుకొని చివరి మొత్తం దాకా ఏ వరసకు ఎంత వేశారో పైసలతో సహా రాయండి. వరస పేరు అర్థం కాకపోతే ఉన్నది ఉన్నట్టు కొట్టండి. చాలామంది చివరి మొత్తం ఒక్కటే పంపి ఎందుకింత అని అడుగుతారు. అది చూసి ఏమీ చెప్పలేను.

ఈలోగా మీలాంటి ఇంటికి నేనే ఒక లెక్క కడతాను. అంకెలు ఊహించినవే. మీ అంకెలు వాటి స్థానంలో పెట్టి చూసుకుంటే సగం జవాబు మీకే దొరుకుతుంది.

మే 4న రీడింగు 14,382 ఉంది, జూన్ 5న 14,727. తీసివేస్తే 345 యూనిట్లు. లోడు 3 కిలోవాట్లు. మన రాష్ట్రంలో ఇళ్లకు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన శ్లాబుల ప్రకారం లెక్క వేద్దాం, మీ బిల్లులో రేటు వేరేగా ఉంటే దాన్నే తీసుకోండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 చొప్పున 57 రూపాయలు. తర్వాతి 45కు 3 చొప్పున 135. ఆ పైన 50కి 4.50 చొప్పున 225. ఆ పైన 100కు 6 చొప్పున 600. ఇక్కడికి 225 యూనిట్లు, 1,017 రూపాయలు. మిగిలిన 120 యూనిట్లకు 8.75 చొప్పున 1,050. ఎనర్జీ చార్జీ మొత్తం 2,067. 400 దాటితే యూనిట్ 9.75 అవుతుంది, మన లెక్క అంత దూరం పోలేదు.

ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి 225 యూనిట్లకు వెయ్యి పైచిలుకు, చివరి 120కే ఇంకో వెయ్యి. మామూలు నెలలో ఇదే ఇల్లు 220 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ 987 రూపాయలే. యూనిట్లు సగానికి కాస్త పైన పెరిగాయి, చార్జీ మాత్రం రెట్టింపు దాటింది. ఏసీ ఎన్ని యూనిట్లు తాగుతుందన్నది ఒక ఎత్తు, ఆ యూనిట్లు అన్నిటికంటే పైన, ఖరీదైన మెట్టు మీద పడటం ఇంకో ఎత్తు. 220 నుంచి 345కు పెరిగిన 125 యూనిట్లంటే నెలకు పంచితే రోజుకు నాలుగు. మే నెల విశాఖ ఉక్కపోతలో రాత్రి నాలుగైదు గంటలు ఏసీ వేస్తే అంత అయిపోతుంది, మీటరు పాడయిందని అనుమానించాల్సిన పనిలేదు.

ఇక్కడ ఒక పాత అపోహ గురించి చెప్పాలి. 225 దాటితే మొదటి యూనిట్ నుంచీ పెద్ద రేటే వేస్తారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఒకప్పుడు వాడకాన్ని బట్టి ఏ, బీ, సీ అని గ్రూపులుండేవి, పై గ్రూపులోకి పోతే కింది యూనిట్ల రేటు కూడా మారేది. ఆ మాట అప్పటిది. 2022 నుంచి ఇళ్లన్నిటికీ ఒకటే గ్రూపు. 226వ యూనిట్‌కు దాని రేటు దానిదే, కిందివాటి జోలికి రాదు.

మిగతా వరసలు చిన్నవే. కరెంటు సుంకం యూనిట్‌కు 6 పైసలు, అంటే 20.70. ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాటుకు 10 చొప్పున 30 రూపాయలు. మీ కాగితం మీద కస్టమర్ చార్జీ అనే వరస ఉంటే దాన్నీ కలపండి, నా లెక్కలో అది వేయలేదు.

జనం ఎక్కువగా తికమకపడేది ఎఫ్‌పీపీసీఏ దగ్గర. ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చులో వచ్చిన తేడాను మన మీద సర్దే చార్జీ అది. అందరూ దాన్ని ఈ నెల యూనిట్లతో హెచ్చవేసి లెక్క కుదరలేదంటారు. ఎలా కుదురుతుంది? అది పాత నెల వాడకం మీద వేసేది. యూనిట్‌కు 40 పైసల చొప్పున, ఏప్రిల్ బిల్లులోని 230 యూనిట్ల మీద వేశారనుకుందాం, 92 రూపాయలు. అందుకే ఆ వరసలో నెల పేరు ఏదైనా ఉంటే అది కూడా టైపు చేయండి, ఆ నెల యూనిట్లు పాత బిల్లులో చూసి రాయండి. ట్రూఅప్ అనే వరస ఉన్నా ఇదే పద్ధతి. అది ఇంకా పాతకాలపు సర్దుబాటు, ట్రూడౌన్ అని ఉంటే మనకు తిరిగి వచ్చే డబ్బు, మొత్తంలోంచి తీసేయాలి.

అన్నీ కలిపితే 2,209.70. మరి మూడు వేలు ఎలా అయింది? ఈ ఉదాహరణలో కింద ఏసీడీ 900 అని ఒక వరస ఉందనుకోండి. అప్పుడు 3,109.70, సర్దితే 3,110. మీ బిల్లులో ఈ వరస ఉందో లేదో నేను చెప్పలేను, నాకు తెలియాల్సిన ముఖ్యమైన విషయం అదే. ఏసీడీ అంటే అదనపు వాడకం డిపాజిట్. మీ వాడకం పెరిగితే, వాళ్ల దగ్గరున్న మీ పాత డిపాజిట్ చాలదని ఇంకొంత కట్టమంటారు. అది కాలిపోయిన కరెంటుకు కట్టిన డబ్బు కాదు. మీ పేరు మీదే ఉంటుంది, దానికి వడ్డీ ఇచ్చి బిల్లులో సర్దుతారు. ఇంటి ఖర్చుల పుస్తకంలో దాన్ని కరెంటు కింద రాస్తే నెల లెక్క తప్పుతుంది. డిపాజిట్ల పక్కన రాయండి. పాత బకాయి అని ఉన్నా అంతే, అది పోయిన నెల ఖర్చు.

రీడింగు తేదీలు ఎందుకు అడిగానంటే, మన లెక్కలో 32 రోజులున్నాయి. రోజుకు దాదాపు 11 యూనిట్లు కాలే ఇంట్లో రెండు రోజులు ఆలస్యమైతే 21 యూనిట్ల పైమాటే. శ్లాబును రోజుల ప్రకారం సర్దకపోతే అవి 8.75 మెట్టు మీద పడి 190 రూపాయల దాకా పెంచుతాయి. వచ్చే నెల ఆ 21 యూనిట్లూ తగ్గుతాయి నిజమే, కానీ ఏసీ కట్టేసిన నెలలో అవి ఆరు రూపాయల మెట్టు మీద తగ్గుతాయి.

ఇంతకంటే పెద్ద తేడా స్టేటస్ అంకె దగ్గర వస్తుంది. రీడింగు తీసే కుర్రాడు వచ్చిన రోజు మీ గేటుకు తాళం ఉంటే డోర్ లాక్ అని సరాసరి బిల్లు వేసి పోతారు. మరుసటి నెల అసలు రీడింగు తీసినప్పుడు రెండు నెలల యూనిట్లూ ఒకేసారి బయటపడతాయి. రెండు నెలలకు కలిపి 360 అనుకోండి. ఒకే నెల శ్లాబుల మీద వేస్తే 2,198 రూపాయల 25 పైసలు. నెలకు 180 చొప్పున విడగొడితే ఒక్కో నెలకు 747, రెండింటికీ 1,494. కరెంటు అదే, తేడా 704. కాబట్టి పోయిన నెల రీడింగు మారకుండా అలాగే ఉంటే, లేదా స్టేటస్ అంకె మామూలుగా వచ్చేది కాకుండా వేరే ఉంటే, బిల్లు కట్టే ముందే మీ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి రెండు నెలలకు విడగొట్టి వేశారా, సరాసరి కింద కట్టింది తీసేశారా అని ఈ రెండూ అడగండి. ఫోను చేయాలంటే 1912. రెండు బిల్లులూ పట్టుకెళ్లండి, నోటి మాటతో పని జరగదు.

ఒక పని ఈ రోజే చేయండి. మీటరు దగ్గరికి వెళ్లి తెర మీద తిరిగే అంకెల్లో kWh అని వచ్చేదాన్ని రాసుకోండి. తేదీ, వోల్టేజీ, గరిష్ఠ డిమాండు కూడా అదే తెర మీద వస్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. మీరు రాసుకున్నది బిల్లులోని కొత్త రీడింగు కంటే తక్కువగా ఉంటే తప్పు రీడింగు పడినట్టే, అప్పుడు మిగతా లెక్కలేవీ అక్కర్లేదు, మీటరు ఫొటో తీసుకుని ఆఫీసుకు వెళ్లండి. ఎక్కువగా ఉంటే, ఎన్ని రోజులకు ఎంత పెరిగిందో భాగించి రోజువారీ వాడకం పంపండి. అపార్ట్‌మెంట్ అయితే మీ మెయిన్ స్విచ్ కట్టేసి మీటరు మీది చిన్న లైటు చూడండి. అప్పటికీ ఆగకుండా మినుకుమంటుంటే మీ మీటరు నుంచి ఇంకెవరికో, బహుశా మెట్ల లైట్లకో నీళ్ల మోటారుకో, కరెంటు పోతోందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

వచ్చే నెలకు ఎంత అన్నది మీ అంకెలు వచ్చాకే తేలుతుంది. నా ఉదాహరణలోని ఇల్లయితే, ఏసీ ఇలాగే నడిస్తే 2,200 పక్కన పెట్టమంటాను, 3,100 కాదు. ఏసీ ఆపేస్తే పదకొండు వందల పైచిలుకు సరిపోతుంది. ఒక్క ఆగస్టు బిల్లుకు మాత్రం ఇంకో యాభై రూపాయలు కలుపుకోవాలి. ఎఫ్‌పీపీసీఏ రెండు నెలలు వెనక నడుస్తుంది కదా, ఈ 345 యూనిట్ల మీద 40 పైసల చొప్పున 138 రూపాయలు అప్పుడు వస్తాయి, వానలు పడి ఏసీ మూలన పడ్డాక.

పంపేటప్పుడు ఇలా ఒక్క వరసలో కొట్టినా చాలు: పాత 14382, మే 4, కొత్త 14727, జూన్ 5, స్టేటస్ అంకె, యూనిట్లు 345, లోడు 3, తర్వాత చార్జీలు వరసగా. దాంతోపాటు పోయిన ఏడాది ఇదే నెల యూనిట్లు కూడా రాయండి. పోయిన వేసవిలోనూ 340 దాకా ఉంటే అది మీ ఇంటి వేసవి ఖర్చు. 230 ఉంటే మాత్రం ఏం మారిందో మీటరు దగ్గర వెతకాలి.