కేస్ స్టడీ ప్రెజెంటేషన్: ముందుగా తేల్చుకోవలసింది చివరి అంకె

ప్రశ్న: నేను రెండేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో కస్టమర్ సపోర్ట్ విభాగంలో పనిచేస్తున్నాను. వేరే సంస్థలో కస్టమర్ సక్సెస్ మేనేజర్ ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. చివరి రౌండులో నేను పనిచేసిన ఒక కస్టమర్ కేస్ స్టడీని 10 నిమిషాల్లో వివరించమన్నారు. 16 స్లైడ్లు తయారుచేశాను. మా సీనియర్ చూసి, ‘నువ్వేం చేశావో అంతా ఉంది గానీ, దానివల్ల వాళ్లకేం ఒరిగిందో ఎక్కడా కనిపించడం లేదు’ అన్నారు. ఎక్కడి నుంచి మార్చడం మొదలుపెట్టాలి?

జవాబు: చెప్పేటప్పుడు వరుస మీకు తెలిసినదే. కస్టమర్ మొదట ఏ స్థితిలో ఉన్నారు, మీరేం చేశారు, చివరికి ఏం మారింది అన్న క్రమంలోనే చెప్పాలి. తయారుచేసుకునేటప్పుడు మాత్రం చివరి నుంచి వెనక్కి రావాలి. ముందుగా ఒక కాగితం మీద ఫలితాన్ని ఒకే వాక్యంలో రాయండి. ఏది మారింది, ఎంత నుంచి ఎంతకు మారింది, ఎంత కాలంలో మారింది అన్న మూడూ ఆ వాక్యంలో ఉండాలి. తరువాత ఆ ‘ఎంత నుంచి’ అన్న అంకెకు ఆధారం వెతకండి. ఆ రెండు అంకెల మధ్య తేడా తెచ్చిన పనులను మాత్రమే ఉంచి, మిగిలిన పనులన్నీ ఎంత కష్టపడి చేసినవైనా తీసివేయండి. ఇలా చేస్తే 16 స్లైడ్లు ఆరింటికి దిగుతాయి. పైగా మీ సీనియర్ అడిగిన ప్రశ్నకు జవాబు మొదటి నుంచే కనిపిస్తుంది.

ఇది స్పష్టంగా అర్థం కావడానికి ఒక ఊహాత్మక కస్టమర్‌ను తీసుకుందాం. యంత్రాల విడిభాగాలను టోకుగా సరఫరా చేసే ఒక సంస్థ ఉంది. అది మీ సంస్థ నుంచి ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ తీసుకుంది. వారి ఫిర్యాదు ఏమిటంటే, ఒక వస్తువుకు బదులు మరో వస్తువు వెళుతోంది.

చాలామంది ఆరంభ స్థితిని చెప్పమంటే ఆ సంస్థ ఎప్పుడు మొదలైంది, ఎంతమంది ఉద్యోగులున్నారు, ఏయే శాఖలున్నాయి అన్న పరిచయంతో రెండు స్లైడ్లు నింపుతారు. వినేవారికి దానితో పని లేదు. ఆరంభ స్థితి అంటే సమస్య, దాని పరిమాణం, దాని కారణం. మన ఉదాహరణలో పరిమాణం ఇది: 8 వారాల్లో 2,400 ఆర్డర్లు వెళితే వాటిలో 168 తప్పుగా వెళ్లాయి, అంటే 7 శాతం. కారణం తెలియాలంటే ఆ 168 ఆర్డర్లనూ ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. అలా చూస్తే 110 తప్పులు వస్తువు కోడ్‌ను చేత్తో టైపు చేసినప్పుడు జరిగినవని తేలింది. మిగిలిన 58 తప్పులకు గోదాములో పక్క అర నుంచి తీయడం, పాత చిరునామాకు పంపడం వంటి వేరే కారణాలున్నాయి.

ఇక్కడ ఒక్క ఆర్డర్‌ను దగ్గరగా చూపించండి. ఫోనులో చెప్పిన పది అక్షరాల కోడ్‌ను ఒక ఉద్యోగి చీటీ మీద రాసుకున్నారు. అరగంట తరువాత దాన్ని షీటులోకి ఎక్కించేటప్పుడు చివరి 6ను 8గా చదివారు. ఆ కోడ్ కూడా నిజంగా ఉన్న మరో బేరింగ్‌దే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, పెట్టె కొనుగోలుదారు చేతికి చేరాకే తప్పు బయటపడింది. ఈ ఒక్క సంఘటన చెప్పడానికి అర నిమిషం పడుతుంది, కానీ ఆ 110 తప్పులు ఎలా పుట్టాయో శ్రోతలకు కళ్లకు కడుతుంది. తరువాత మీరు చేసిన పని ఎందుకు చేశారో మళ్లీ వివరించనక్కరలేదు.

ఆరంభపు అంకెను ఏ కాలం నుంచి తీసుకున్నారన్నది అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన విషయం. పరిస్థితి బాగా దిగజారిన నెలలోనే కస్టమర్లు సహాయం అడుగుతారు. ఆ చెడ్డ నెలనే ఆరంభ స్థితిగా చూపితే, మీరు ఏమీ చేయకపోయినా తరువాతి నెల కొంత మెరుగ్గానే కనిపించే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అరుదైన గడ్డుకాలం తరువాత సాధారణంగా మామూలు కాలమే వస్తుంది. అనుభవమున్న ఇంటర్వ్యూయర్ దీన్ని ఇట్టే పట్టుకుంటారు. అందుకే ఒక నెలకు బదులు 8 వారాలో, 12 వారాలో తీసుకోండి. అమ్మకాలు రుతువును బట్టి పెరిగి తగ్గే వ్యాపారమైతే నిరుటి ఇదే కాలపు అంకెను కూడా దగ్గర ఉంచుకోండి. ‘తప్పు ఆర్డర్’ అంటే ఏమిటో కూడా ఒకే నిర్వచనం ఉండాలి. ముందు కస్టమర్ ఫిర్యాదులన్నీ లెక్కించి, తరువాత వెనక్కి వచ్చిన పెట్టెలను మాత్రమే లెక్కిస్తే, ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకూడదు.

చేసిన పనుల భాగంలో మీ 16 స్లైడ్లలో ఎక్కువ భాగం ఉందని ఊహిస్తున్నాను. సమావేశాలు, శిక్షణలు, ఈమెయిళ్లు అన్నీ తేదీల వారీగా చెబితే అది పనుల పట్టీ అవుతుందే తప్ప, మీ ఆలోచన బయటికి రాదు. ఇంటర్వ్యూలో తూకం వేసేది మీ నిర్ణయాలను. మన ఉదాహరణలో కస్టమర్ గోదాము మొత్తానికి కొత్త వ్యవస్థ కావాలని కోరారు. 168 తప్పులలో 110 ఆర్డర్ ఎక్కించే బల్ల దగ్గరే పుడుతున్నాయి కాబట్టి మొదట అక్కడే మార్పు చేద్దామని మీరు ప్రతిపాదించారు. కోడ్‌ను టైపు చేసే బదులు వస్తువు పేరు, బొమ్మ చూసి జాబితా నుంచి ఎంచుకునేలా ఏర్పాటు చేశారు. ఆర్డర్ నమోదయ్యే ముందు దాన్ని కొనుగోలుదారుకు చదివి వినిపించే అలవాటు చేయించారు. పనులు ఈ రెండే. కస్టమర్ కోరినదాన్ని వెంటనే ఎందుకు చేయలేదన్నది ఈ భాగంలో గుండెకాయ వంటిది, దానికి ఒక నిమిషం పూర్తిగా ఇవ్వండి. ‘మేము’ అన్న మాటతో కూడా జాగ్రత్తగా ఉండండి. జాబితాను రూపొందించింది మీ ఇంజనీర్లయితే అలాగే చెప్పండి, 168 ఆర్డర్లనూ తెరిచి చూసింది మీరైతే ‘నేను’ అనే చెప్పండి. మీ వంతు ఎంతో తెలియకపోతే వారు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఇక ఫలితం. మార్పు అమలైన మొదటి మూడు వారాల్లో ఉద్యోగులు కొత్త పద్ధతికి అలవాటు పడుతుంటారు, ఆ వారాలను పోలికలో కలపకండి, కలపలేదని మాత్రం చెప్పండి. ఆ తరువాతి 8 వారాల్లో 2,600 ఆర్డర్లకు 52 తప్పులు వచ్చాయి, అంటే 2 శాతం. దీన్ని ‘5 శాతం తగ్గుదల’ అనడం చాలాచోట్ల చూస్తుంటాను, అది తప్పు. 7 నుంచి 2కు రావడం 5 శాతం పాయింట్ల తగ్గుదల. ఉన్న తప్పుల రేటుతో పోలిస్తే అది సుమారు 71 శాతం తగ్గుదల. రెండింటిలో ఏది చెప్పినా 7, 2 అన్న అసలు అంకెలు స్లైడ్ మీద ఉండాలి. ఆర్డర్ల సంఖ్య మారింది కాబట్టి 168, 52 అన్న లెక్కల పక్కన 2,400, 2,600 కూడా కనిపించాలి.

ఆ 7, 2 మీద మీకు ఎంత హక్కు ఉందో కూడా ఆలోచించండి. 52 తప్పులను మళ్లీ విడదీస్తే కోడ్ వల్ల జరిగినవి 14, వేరే కారణాలవి 38. మీరు చేయి పెట్టిన చోట 110 కాస్తా 14 అయ్యాయి. మీరు చేయి పెట్టని చోట కూడా 58 తప్పులు 38కి తగ్గాయి. అదే సమయంలో గోదాముకు కొత్త పర్యవేక్షకుడు వచ్చి ఉంటే ఆ తగ్గుదల ఆయన పని కావచ్చు. కాబట్టి ‘మొత్తం తప్పులు 7 నుంచి 2 శాతానికి వచ్చాయి, అందులో మా మార్పు ప్రభావంగా నేను చెప్పగలిగేది కోడ్ తప్పుల తగ్గుదల మాత్రమే’ అనండి. ఈ మాట వల్ల మీ ఫలితం చిన్నబోతుందని భయపడనక్కరలేదు. తగ్గుదలలో పెద్ద భాగం సరిగ్గా మీరు మార్చిన చోటే జరిగిందన్న సాక్ష్యం ఈ విభజనలోనే ఉంది.

శాతాన్ని కస్టమర్ రోజువారీ పనిలోకి తేవడం చివరి మెట్టు. ఒక తప్పు ఆర్డర్‌ను సరిదిద్దడానికి ఫోన్లు, తిరుగు రవాణా ఏర్పాట్లు, కొత్త పెట్టె అన్నీ కలిపి 45 నిమిషాలు పడుతుందని కస్టమర్ చెప్పారనుకోండి. కోడ్ తప్పులు 96 తగ్గాయి కాబట్టి 8 వారాల్లో 72 గంటలు, అంటే వారానికి 9 గంటలు మిగిలాయి. ఆ 45 నిమిషాలు మీరు గడియారం పెట్టి కొలిచినవి కావు, కస్టమర్ అంచనా. ఆ సంగతి స్లైడ్ మీదే చిన్న అక్షరాలలో రాయండి.

మీ అసలు కస్టమర్ విషయంలో ఆరంభపు అంకెను ఎవరూ కొలిచి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు అంకెను ఊహించి రాయకండి. సపోర్ట్‌లో పనిచేసినవారు కాబట్టి పాత టికెట్లు మీకు అందుబాటులో ఉంటాయి. మార్పుకు ముందు 8 వారాల టికెట్లు తెరిచి, ఒకే నిర్వచనంతో లెక్కపెట్టండి. మరీ ఎక్కువ ఉంటే యాదృచ్ఛికంగా 100 తీసుకొని, అవి నమూనా మాత్రమేనని చెప్పండి. అదీ సాధ్యం కాకపోతే ఆ కస్టమర్‌ను పక్కనపెట్టి, చిన్న ఫలితమైనా కొలిచిన అంకె ఉన్న మరో కస్టమర్‌ను ఎంచుకోవడం మేలు.

ఉన్న 10 నిమిషాల్లో ఆరంభ స్థితికి 4, పనులకు 3, ఫలితానికి 2 నిమిషాలు ఇచ్చి, ఒకటి మిగుల్చుకోండి. మొదటి భాగానికి అంత సమయం ఎందుకని మీకు అనిపించవచ్చు. 168ని 110గా, 58గా విడదీసి వినేవారికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆ సమయం కావాలి, ఎందుకంటే మిగిలిన రెండు భాగాలూ ఆ విభజన మీదే ఆధారపడతాయి. ప్రతి స్లైడ్ తలమీద ‘నేపథ్యం’, ‘చర్యలు’ వంటి మాటలకు బదులు ‘మూడింట రెండు వంతుల తప్పులు కోడ్ టైపు చేసే చోటే పుట్టాయి’ వంటి పూర్తి వాక్యం రాయండి.

మీరు వెళుతున్నది వేరే సంస్థకు కాబట్టి, కస్టమర్ పేరుగానీ, మీ సంస్థ లోపలి అంకెలుగానీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. పేరుకు బదులు ‘విడిభాగాల టోకు సరఫరాదారు’ అని వ్యాపార రకాన్ని చెప్పండి. అంకెలు చెప్పడానికి అనుమతి రాకపోతే, ఆరంభపు రేటును 100గా తీసుకొని ఇప్పుడు అది 29 అయిందని చూపవచ్చు. అలా మార్చిన విషయాన్ని మొదటి స్లైడ్‌లోనే ఒక్క వాక్యంలో చెప్పేయండి. లేకపోతే అసలు అంకె ఏదని ప్రశ్నల సమయంలో వారు అడిగినప్పుడు, మీరు ఏదో దాచారన్న అభిప్రాయం అప్పటికే ఏర్పడి ఉంటుంది.