పినియన్ పన్ను మొదలు దగ్గరే ఎందుకు విరుగుతోంది? షాట్ పీనింగ్‌తో ఆగుతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ యూనిట్. కన్వేయర్ గేర్‌బాక్స్ పినియన్ పన్ను మొదలంటా విరగడం ఇది రెండోసారి. కేస్ హార్డెనింగ్ చేయించిన పినియనే. షాట్ పీనింగ్ చేయిస్తే ఆగుతుందంటున్నారు. నిజమేనా, డబ్బు దండగా?

జవాబు: ఆగొచ్చు. కానీ ముందు విరిగిన పన్ను పారేయకుండా చేతిలోకి తీసుకుని చూడండి. నాకు రేణిగుంట పక్కన గాజులమండ్యంలో చిన్న గేర్ కటింగ్ షాపు ఉంది. మీలాంటి యూనిట్‌కే చేసిన పినియన్ ఒకటి మమ్మల్ని రెండుసార్లు తలవంపులు పెట్టింది, అదే చెబుతాను.

ఈఎన్353 స్టీలు, మాడ్యూల్ 4, 19 పళ్లు, 1440 ఆర్‌పీఎం మోటార్‌కి నేరుగా తగిలించింది. తోతాపురి సీజన్ నడుమ, బయట లారీలు వరుసగా ఆగి ఉండగా విరిగింది. అప్పటికి 220 గంటలు తిరిగింది. గంటకు 86,400 చుట్లు, అంటే ఒక్కో పన్ను మీద సుమారు కోటీ తొంభై లక్షల దెబ్బలు. విరిగిన ముఖం మీద ఒక మూల నుంచి నున్నగా, చెరువులో రాయి వేసినప్పటి అలల్లాంటి గీతలు. మిగతా భాగం అచ్చు బెల్లం విరిచినట్టు గరుకుగా ఉంది. అలల గీతలంటే ఫెటీగ్: చిన్న పగులు రోజూ కొంచెం కొంచెం లోపలికి పాకింది. మీ ముక్క మొత్తం బెల్లంలాగే ఉంటే అది ఒక్క దెబ్బకు విరిగినట్టు. అక్కడ పీనింగ్ మాట వదిలేసి, కన్వేయర్‌లో ఏం ఇరుక్కుందో చూడండి.

మాది ఫెటీగే, పగులు మొదలైంది లోడు పడే వైపు పంటి మొదట్లో. ముందు నేను హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లనే అనుమానించాను. పినియన్‌తో పాటు వేసిన టెస్ట్ పీస్ కోసి చూస్తే వాళ్ల తప్పేం లేదు: ఉపరితలం గట్టిదనం 60 హెచ్ఆర్‌సి, 550 విక్కర్స్ దగ్గర కొలిస్తే కేస్, అంటే గట్టిపడిన పైపొర, లోతు 0.8 మిల్లీమీటర్లు. మాడ్యూల్ 4కి అది సరిపోతుంది. తప్పు మాదే. పంటి పక్కలతో పాటు మొదలు కూడా గ్రైండ్ చేసేశాం. గోరు పెట్టి గీస్తే సన్నటి మెట్టు తగిలేది.

ఆ మెట్టు ఎందుకంత ప్రమాదమో అర్థం కావాలంటే, కార్బురైజింగ్ వల్ల వచ్చేది గట్టిదనం ఒక్కటే కాదని తెలియాలి. 920, 930 డిగ్రీల దగ్గర ఉపరితలంలోకి సుమారు 0.8 శాతం కార్బన్ ఎక్కించి నూనెలో ముంచుతారు. కార్బన్ తక్కువున్న లోపలి భాగం సుమారు 400 డిగ్రీల దగ్గరే మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారడం మొదలుపెడుతుంది. కార్బన్ ఎక్కువున్న పైపొర 200 డిగ్రీల లోపుకి వచ్చాక గానీ మారదు. మారేటప్పుడు స్టీలు కొంచెం ఉబ్బుతుంది. పైపొర ఉబ్బబోయే సరికి లోపలిది అప్పటికే బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని సాగనివ్వదు. దాంతో పైపొర ఎప్పటికీ నొక్కుడులో ఉండిపోతుంది. పన్ను వంగినప్పుడల్లా మొదట్లో పగులు తెరుచుకోవాలని చూస్తుంది, ఈ నొక్కుడు దాన్ని మూసి పట్టుకుంటుంది. మేం మొదట్లో గ్రైండింగ్ రాయి పెట్టి ఆ పొరనే కొంత చెక్కేశాం. పైగా రాయి వేడికి మిగిలిన చోట నొక్కుడు పోయి లాగుడు వచ్చే అవకాశం ఉంది. వీటికి తోడు ఆ మెట్టు. పగులుకి ఎర్ర తివాచీ పరిచినట్టే అయింది.

రెండోసారి ప్రొట్యుబరెన్స్ హాబ్‌తో పళ్లు కోశాం. అది మొదలు దగ్గర కొంచెం లోతుగా కోస్తుంది, తర్వాత పక్కలు గ్రైండ్ చేసినా రాయి మొదలుని తాకదు. మీరు పీనింగ్ మాట తలపెట్టకముందే చేయాల్సిన పని ఇది. షాట్ పీనింగ్ కూడా చేయించాం, అంటే చిన్న ఉక్కు గుండ్లతో కొట్టించి పైపొరలో ఆ నొక్కుడు ఇంకా పెంచడం. బిల్లులో 'షాట్ పీనింగ్' అనే ఉంది. ముందుదానికంటే ఎక్కువ రోజులు నడిచినా, అదే సీజన్లో మళ్లీ విరిగింది.

వెళ్లి చూస్తే వాళ్లు చేసింది షాట్ బ్లాస్టింగ్, అంటే పొక్కు రాలగొట్టి శుభ్రం చేసే పని. చూడ్డానికి రెండూ ఒకేలా బూడిదరంగులో ఉంటాయి, కంటితో తేడా పట్టలేం. పట్టుకునేది ఆల్మెన్ స్ట్రిప్. 76 మిల్లీమీటర్ల పొడవు, 19 వెడల్పు, 'ఏ' రకమైతే 1.29 మందం ఉండే స్ప్రింగ్ స్టీలు పట్టీ అది. దాన్ని దిమ్మకు నాలుగు స్క్రూలతో బిగించి ఒక వైపే గుండ్లతో కొట్టిస్తారు. విప్పగానే దెబ్బ తిన్న వైపు ఉబ్బి విల్లులా వంగుతుంది. ఆ వంపు ఎత్తే పీనింగ్ తీవ్రత. ఆ షాపులో స్ట్రిప్ అన్న మాటే ఎవరూ వినలేదు. మేం తీసుకెళ్లింది పెట్టిస్తే వంపు 0.12 దగ్గరే ఆగింది.

మూడోసారి చెన్నైలో పీనింగ్ ఒక్కటే పనిగా చేసేవాళ్లకు ఇచ్చాం. 'ఏ' రకం స్ట్రిప్ మీద 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల తీవ్రత అడిగాం. డమ్మీ పినియన్ మీద, పంటి మొదలు ఉండే చోటే స్ట్రిప్ బిగించారు. రెండు నిమిషాలకు 0.37, నాలుగు నిమిషాలకు 0.39. సమయం రెట్టింపు చేసినా వంపు పది శాతానికి మించి పెరగలేదంటే తీవ్రత స్థిరపడినట్టు. పినియన్ మీద కవరేజ్ 200 శాతం, అంటే లెన్స్‌లో చూస్తే ఖాళీ లేకుండా గుంటలు పడడానికి పట్టే సమయానికి రెండింతలు కొట్టారు.

గుండు విషయంలో రెండు చూసుకోండి. ఒకటి, మామూలు షాట్ 45, 50 హెచ్ఆర్‌సి ఉంటుంది. 60 ఉన్న పన్ను మీద పడితే గుండే చితికిపోతుంది, పన్నుకి పెద్దగా ఏమీ కాదు. 55 నుంచి 62 ఉన్న హార్డ్ షాట్ అడగాలి. రెండోది సైజు. గుండు వ్యాసం మొదట్లోని వంపు రేడియస్‌లో సగం దాటకూడదు. మా మాడ్యూల్‌కి రేడియస్ దాదాపు 1.5 మిల్లీమీటర్లు, కాబట్టి 0.6 గుండు సరిపోయింది. అంతకంటే పెద్దదైతే మూలలోకి దిగదు, మనకు కావలసిన చోటే వదిలేస్తుంది.

ఆ పినియన్ రెండు సీజన్లు నడిచింది. విప్పి డై పెనెట్రెంట్ వేసి చూశాం, గీత కనబడలేదు.

కానీ పీనింగ్ ప్రభావం పైన 0.2 మిల్లీమీటర్ల లోతు వరకే. కేస్ పలచగా ఉండి పగులు దాని కింద నుంచి మొదలైతే ఇది కాపాడదు. షాఫ్ట్ అలైన్‌మెంట్ తప్పి లోడంతా పంటి ఒక అంచు మీదే పడుతున్నా అంతే. మీ ముక్కలో అలలు పంటి ఒక చివరి మూల నుంచే బయలుదేరాయంటే ముందు బేరింగులు చూడండి, మా మొదటి ముక్కలో కూడా ఆ చెక్ చేశాకే గ్రైండింగ్ మీదకు వెళ్లాం. పీనింగ్ తర్వాత పంటి పక్కలు గరుకవుతాయి, వాటిని సన్నగా గ్రైండ్ చేయొచ్చు, మొదలు మాత్రం ముట్టుకోవద్దు.

చివరగా, మీ ఫిట్టర్‌కి ఒక మాట చెప్పండి. కప్లింగ్ ఎక్కట్లేదని పినియన్ షాఫ్ట్‌కి గ్యాస్ టార్చ్ పెట్టొద్దు. పళ్లకి 200 డిగ్రీలు దాటిన వేడి తగిలితే పీనింగ్‌కి పెట్టిన డబ్బు ఆ మంటలోనే పోతుంది. వేడి చేయాలంటే కప్లింగ్‌నే నూనెలో వేడి చేసి ఎక్కించమనండి.